కర్ణాలు సమానం, పైగా లంబం. అయినా చతురస్రం ఎందుకు కాదు?

"ఒక చతుర్భుజంలో కర్ణాలు సమానం, ఒకదానికొకటి లంబం. అది ఏ ఆకారం?" అని అడిగారు. చతురస్రం అని రాస్తే సున్నా వేశారు. చతురస్రంలో కర్ణాలు సమానమే, లంబమే కదా సార్? అసలు కర్ణాలను చూసి గాలిపటమా, రాంబస్సా, దీర్ఘచతురస్రమా, చతురస్రమా అని టెన్షన్ లేకుండా తేల్చడం ఎలా?

సున్నా వేయడం సబబే. చతురస్రంలో కర్ణాలు సమానం, లంబం అన్న మాట నిజం. మీరు దాన్ని తిరగేసి వాడారు, తిరగేస్తే అది నిలబడదు. ఎందుకు నిలబడదో మాటల్లో చెప్పేకన్నా చేసి చూస్తే బాగా తెలుస్తుంది.

సరిగ్గా 8 సెంటీమీటర్ల పొడవున్న రెండు పుల్లలు తీసుకోండి. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, లంబంగా దాటేలా కాగితం మీద పెట్టండి. ఇవే మన కర్ణాలు. అడ్డపుల్ల AC, నిలువుపుల్ల BD, అవి కలిసే చోటు O అనుకుందాం. పుల్లల పొడవు మారదు, మధ్య కోణం మారదు. అంటే మీ ప్రశ్నలోని రెండు షరతులూ మొదటి నుంచీ చివరిదాకా అలాగే ఉంటాయి. మనం మార్చేది ఒక్కటే, పుల్లలు ఎక్కడ దాటుతున్నాయి అన్నది.

మొదట AC మీద O రెండువైపులా 3, 5 సెంటీమీటర్లు వచ్చేలా, BD మీద 2, 6 వచ్చేలా పెట్టండి. నాలుగు కొనలనూ కలపండి. O దగ్గర నాలుగు లంబకోణ త్రిభుజాలు వచ్చాయి కాబట్టి భుజాలు పైథాగరస్‌తో వచ్చేస్తాయి. AB అంటే 3, 2 భుజాలుగా ఉన్న లంబకోణ త్రిభుజపు కర్ణం, √13, దాదాపు 3.6. BC అంటే 2, 5 లది, √29, దాదాపు 5.4. CD అంటే 5, 6 లది, √61, దాదాపు 7.8. DA అంటే 6, 3 లది, √45, దాదాపు 6.7. నాలుగు భుజాలూ నాలుగు రకాలు. దీనికి ప్రత్యేకమైన పేరేమీ లేదు, ఉత్త చతుర్భుజం. మీ సమాధానం తప్పని చూపించడానికి ఈ ఒక్క బొమ్మ చాలు.

ఇప్పుడు నిలువుపుల్లను దాని దారిలోనే కాస్త జరపండి, O దానికి సరిగ్గా మధ్యలోకి వచ్చేదాకా. BD ఇప్పుడు 4, 4 అయింది, AC ఇంకా 3, 5 గానే ఉంది. భుజాలు మళ్లీ లెక్కేస్తే AB, AD రెండూ 5. CB, CD రెండూ √41, దాదాపు 6.4. పక్కపక్క భుజాలు జతలుగా సమానమయ్యాయి. గాలిపటం వచ్చింది. ఇక అడ్డపుల్లను కూడా జరిపి 4, 4 చేశారంటే నాలుగు భుజాలూ √32, దాదాపు 5.7. ఇప్పుడొచ్చింది చతురస్రం.

ఇంకో బొమ్మ కూడా గీసి చూడండి. రెండు పుల్లలనూ 3, 5 గానే ఉంచండి, చిన్న ముక్కలు పక్కపక్కన వచ్చేలా. OA, OB మూడేసి, OC, OD అయిదేసి. AB √18, CD √50, మిగతా రెండూ √34. AB, CD సమాంతరంగా ఉంటాయి, పక్క భుజాలు సమానం. ఇది సమద్విబాహు ట్రెపీజియం. అవే పుల్లలతో నాలుగు వేర్వేరు ఆకారాలు వచ్చాయి. వైశాల్యం చూసి పట్టేద్దామన్నా కుదరదు. కర్ణాలు లంబంగా ఉంటే వైశాల్యం కర్ణాల లబ్ధంలో సగం, కాబట్టి ఈ నాలుగింటికీ 32 చదరపు సెంటీమీటర్లే.

కాబట్టి కర్ణాల గురించి అడగాల్సిన ప్రశ్నలు రెండు కాదు, మూడు. అవి ఎక్కడ ఖండించుకుంటున్నాయి? ఏ కోణంలో? వాటి పొడవులు సమానమా? ఈ మూడూ దేనికదే. ఒకదానికి జవాబు తెలిసినంత మాత్రాన ఇంకోదాని జవాబు రాదు. మీ ప్రశ్నలో రెండో, మూడో జవాబులు ఇచ్చారు. మొదటిది ఇవ్వలేదు. బోర్డు మీద గానీ నోట్సులో గానీ కర్ణాలు గీసేటప్పుడు మన చెయ్యి దానంతటదే మధ్యలో దాటేలా గీస్తుంది. అలా ఇవ్వని షరతు బొమ్మలోంచి దొంగచాటుగా లోపలికి వచ్చేస్తుంది. అందుకే ఇలాంటి ప్రశ్న చూసినప్పుడు కర్ణాలను కావాలనే వంకరగా, మధ్యకు దూరంగా దాటేలా గీయమని మా పిల్లలకు చెబుతాను.

మొదటి ప్రశ్నకు అంత పట్టు ఎందుకంటే, ఆకారం ఏ కుటుంబానిదో తేల్చేది అదే. రెండు కర్ణాలూ పరస్పరం సమద్విఖండన చేసుకున్నాయనుకోండి. అంటే OA = OC, OB = OD. AOB, COD త్రిభుజాలు చూడండి. O దగ్గర కోణాలు శీర్షాభిముఖ కోణాలు, కాబట్టి సమానం. ఆ కోణానికి అటూ ఇటూ ఉన్న భుజాలూ సమానం. భు.కో.భు. నియమం ప్రకారం రెండు త్రిభుజాలూ సర్వసమానం. దాంతో OAB, OCD కోణాలు సమానమయ్యాయి. అవి ఏకాంతర కోణాలు కాబట్టి AB, CD సమాంతరం. మిగతా జతకూ ఇదే మాట. కోణం ఎంతైనా, పొడవులు ఎంతైనా, సమాంతర చతుర్భుజం వచ్చి తీరుతుంది.

ఆ మెట్టు ఎక్కాక మిగతా రెండు ప్రశ్నలు వాటి పని చేస్తాయి. కర్ణాలు లంబం కూడా అయితే రాంబస్, కొన్ని పుస్తకాల్లో సమచతుర్భుజం అంటారు. O దగ్గర నాలుగు లంబకోణ త్రిభుజాలూ సర్వసమానం అవుతాయి కాబట్టి నాలుగు భుజాలూ సమానం, అంతకంటే పెద్ద కారణం లేదు.

లంబం కాకుండా సమానం అయితే దీర్ఘచతురస్రం. దీని కారణం నాకు చాలా ఇష్టం. కర్ణాలు సమానం, సగాలుగా ఖండించుకున్నాయి అంటే OA, OB, OC, OD నాలుగూ ఒకటే పొడవు. O కేంద్రంగా ఆ పొడవుతో వృత్తం గీస్తే నాలుగు శీర్షాలూ దాని మీదే పడతాయి, రెండు కర్ణాలూ వ్యాసాలవుతాయి. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం. B దగ్గరి కోణం AC వ్యాసం మీద, A దగ్గరి కోణం BD వ్యాసం మీద. నాలుగు మూలలూ 90 డిగ్రీలే, ఇక కాదనడానికి లేదు.

లంబమూ సమానమూ రెండూ అయితే చతురస్రం. అంటే చతురస్రానికి మూడు షరతులూ కావాలి. రాంబస్‌కు సమద్విఖండన, లంబం. దీర్ఘచతురస్రానికి సమద్విఖండన, సమానం.

మరి గాలిపటం? దీనికి సమద్విఖండన ఒకవైపే చాలు. ఒక కర్ణం రెండోదాన్ని లంబంగా, సగానికి ఖండించాలి. పుల్లల ఆటలో BD సగమైంది, AC కాలేదు, గుర్తుందా? BD కి AC లంబ సమద్విఖండన రేఖ అయింది. లంబ సమద్విఖండన రేఖ మీద ఏ బిందువు తీసుకున్నా అది రెండు కొనలకూ సమాన దూరంలో ఉంటుంది. A ఆ రేఖ మీదే ఉంది కాబట్టి AB = AD. C కూడా దాని మీదే ఉంది కాబట్టి CB = CD. A, C లు O నుంచి ఎంతెంత దూరంలో ఉన్నాయన్నది ఇక్కడ అక్కర్లేదు.

ఇక్కడ పిల్లలు తడబడే చోట్లు రెండున్నాయి. ఒకటి, "కర్ణాలు లంబం కాబట్టి గాలిపటం" అని రాసేయడం. మన మొదటి బొమ్మే దానికి జవాబు, లంబమే గానీ ఏ కర్ణమూ సగం కాలేదు. రెండోది, "ఒక కర్ణం రెండోదాన్ని సగం చేసింది కాబట్టి గాలిపటం" అనడం. పుల్లను సగానికే దాటించి, ఏటవాలుగా పెట్టి చూడండి. జతలు చెదిరిపోతాయి. సగం, లంబం, ఈ రెండూ ఒకే చోట జరగాలి.

ఇంకో చిన్న సంగతి. O అనేది A, C ల మధ్య ఉండకుండా, AC ని పొడిగించిన రేఖ మీద కూడా పడవచ్చు. అప్పుడు AB = AD, CB = CD అనేవి నిలుస్తాయి గానీ ఆకారం లోపలికి నొక్కుకుపోయి బాణం ములుకులా ఉంటుంది, కర్ణాలు ఒకదాన్నొకటి తాకవు. దీన్ని పుటాకార గాలిపటం అంటారు. "కర్ణాలు ఖండించుకుంటాయి" అని ప్రశ్నలో ఉంటే దీని గురించి ఆలోచించక్కర్లేదు.

కర్ణాలు సమానం అన్న షరతు దగ్గర నేనే ఒకసారి బోల్తా పడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో "కర్ణాలు సమానంగా ఉన్న చతుర్భుజం ___" అని ఖాళీ పెట్టి, దీర్ఘచతురస్రం అనే జవాబు కోసం చూశాను. ఒక అమ్మాయి ఖాళీ నింపకుండా పక్కన ఓ సమద్విబాహు ట్రెపీజియం గీసి, కర్ణాలు రెండూ కొలిచి, "దీనికీ సమానమే కదా సార్" అని రాసింది. ప్రశ్న తప్పు, పిల్ల ఒప్పు. అందరికీ ఆ మార్కు కలపాల్సి వచ్చింది.

తలుపు ఫ్రేములు బిగించే వడ్రంగులు మాత్రం కర్ణాలు కొలిచి, సమానంగా ఉంటే మూలమట్టం సరిపోయిందంటారు. మరి వాళ్లది తప్పా అని మీరు అడగవచ్చు. తప్పు కాదు. వాళ్లు ఎదురెదురు కర్రలను ముందే సమానంగా కోసి పెట్టుకున్నారు, అంటే సమాంతర చతుర్భుజం అప్పటికే చేతిలో ఉంది. 90, 120 సెంటీమీటర్ల ఫ్రేము అయితే మూలలు సరిగ్గా ఉన్నప్పుడు రెండు కర్ణాలూ 150. ఫ్రేము కాస్త ఒరిగి ఒక కర్ణం 152 అయితే రెండోది దాదాపు 148 కి తగ్గుతుంది, ఎందుకంటే సమాంతర చతుర్భుజంలో కర్ణాల వర్గాల మొత్తం నాలుగు భుజాల వర్గాల మొత్తానికి సమానం, ఫ్రేము ఒరిగినా అది మారదు. టేపు మీద నాలుగు సెంటీమీటర్ల తేడా ఎవరికైనా కనబడుతుంది. కానీ పైకర్ర, కిందికర్ర పొడవుల్లో తేడా ఉండి, పక్కకర్రలు సమానంగా ఉంటే, కర్ణాలు సమానంగా వచ్చినా మూలలు లంబంగా ఉండవు. ఆ అమ్మాయి గీసిన ట్రెపీజియమే అది.

ఇక నిరూపకాలు ఇచ్చి ఆకారం చెప్పమన్నప్పుడు ఏం చేయాలో ఒక లెక్క చూద్దాం. A(1, 3), B(5, 1), C(7, 5), D(2, 10). చాలామంది నాలుగు భుజాలూ దూర సూత్రంతో లెక్కపెట్టడం మొదలుపెడతారు. కర్ణాలతో వెళ్తే పని తక్కువ.

మొదట ఎక్కడ ఖండించుకుంటున్నాయో చూడాలి, అంటే మధ్యబిందువులు. AC మధ్యబిందువు (4, 4). BD మధ్యబిందువు (3.5, 5.5). రెండూ వేరు. ఇక్కడితోనే సమాంతర చతుర్భుజం, రాంబస్, దీర్ఘచతురస్రం, చతురస్రం నాలుగూ పోయాయి. మీరు అడిగినవాటిలో మిగిలిన ఆశ గాలిపటం ఒక్కటే.

తర్వాత కోణం. A నుంచి C కి వెళ్లాలంటే అడ్డంగా 6, పైకి 2. B నుంచి D కి అడ్డంగా −3, పైకి 9. అడ్డాలను అడ్డాలతో, నిలువులను నిలువులతో గుణించి కలపండి: 6 × (−3) + 2 × 9 = 0. సున్నా వస్తే లంబం. వాలులు తీసి లబ్ధం −1 అని చూపినా ఒప్పే, 1/3 ని −3 తో గుణిస్తే అదే వస్తుంది. కానీ ఒక కర్ణం నిట్టనిలువుగా ఉంటే దానికి వాలు ఉండదు, అక్కడ పిల్లలు ఆగిపోతారు. ఈ గుణకారానికి ఆ బెడద లేదు.

లంబం అని తేలింది. ఇక్కడ ఆపి గాలిపటం అని రాస్తే సగం మార్కులే. ఒక కర్ణం సగం అయిందని చూపించాలి. అంటే AC మధ్యబిందువు (4, 4) BD రేఖ మీద ఉందా? B(5, 1) నుంచి (4, 4) కు వెళ్లాలంటే అడ్డంగా −1, పైకి 3. BD కి −3, 9. సరిగ్గా మూడో వంతు. అంటే ఆ బిందువు BD మీదే, B నుంచి మూడో వంతు దూరంలో ఉంది. AC ని BD లంబంగా సగం చేసింది, BD మాత్రం సగం కాలేదు. గాలిపటం. సరిచూసుకోవాలంటే AB, BC ల వర్గాలు రెండూ 20, CD, DA ల వర్గాలు రెండూ 50.

ఇప్పుడు D ని మాత్రం (3, 7) కి మార్చండి. BD మధ్యబిందువు కూడా (4, 4) అయింది, కాబట్టి సమాంతర చతుర్భుజం. B నుంచి D కి −2, 6. గుణకారం 6 × (−2) + 2 × 6 = 0, లంబం, కాబట్టి కనీసం రాంబస్. పొడవుల వర్గాలు AC కి 36 + 4 = 40, BD కి 4 + 36 = 40. సమానం. చతురస్రం. వర్గమూలాలు తీయనక్కర్లేదు, వర్గాలు సమానమైతే పొడవులూ సమానమే.

బిందువులు ఇచ్చిన వరుస కూడా చూసుకోండి. ABCD అని పేరు పెట్టి ఇస్తే కర్ణాలు AC, BD. నాలుగు బిందువులు ఊరికే ఇచ్చి "ఏ ఆకారం" అని అడిగితే ముందు చిత్తు బొమ్మ గీసి, ఎవరికి ఎవరు ఎదురో తేల్చుకోవాలి. లేదంటే భుజాన్ని కర్ణం అనుకుని మధ్యబిందువు తీస్తారు, ఆ తర్వాత లెక్కంతా సరిగ్గా చేసినా జవాబు తప్పుతుంది.

పేర్ల విషయంలో ఒక మాట. రాంబస్‌లో ఒక కర్ణం రెండోదాన్ని లంబంగా సగం చేస్తుంది కదా, కాబట్టి అది గాలిపటం కూడా అవుతుంది. చతురస్రం రాంబస్సే, దీర్ఘచతురస్రమే. కొన్ని పుస్తకాలు మాత్రం గాలిపటం అంటే రెండు జతల పొడవులు వేర్వేరుగా ఉండాలని నిర్వచిస్తాయి, అప్పుడు రాంబస్ అందులోకి రాదు. మీ పుస్తకంలో నిర్వచనం ఎలా ఉందో ఒకసారి చూసుకోండి. "ఏ చతుర్భుజం" అని అడిగినప్పుడు, ఇచ్చిన షరతులతో నిరూపించగలిగిన వాటిలో అన్నిటికన్నా ప్రత్యేకమైన పేరు రాయాలి. నిరూపించలేనిది రాయకూడదు. మీ విషయంలో జరిగింది అదే. ఆ ప్రశ్నకు సరైన జవాబు, "ఈ సమాచారంతో ఆకారాన్ని తేల్చలేం, కర్ణాలు పరస్పరం సమద్విఖండన చేసుకుంటే మాత్రం చతురస్రం."

అయితే మీరు రాసిన చతురస్రం ఆ బొమ్మలోనే ఒకచోట ఉంది. మన మొదటి పుల్లల బొమ్మకు, భుజాలు 3.6, 5.4, 7.8, 6.7 వచ్చినదానికి, నాలుగు భుజాల మధ్యబిందువులు గుర్తించి వరుసగా కలపండి. త్రిభుజంలో రెండు భుజాల మధ్యబిందువులను కలిపే రేఖ మూడో భుజానికి సమాంతరంగా, దానిలో సగం ఉంటుంది. ఇక్కడ ఆ మూడో భుజం ప్రతిసారీ ఒక కర్ణమే. కాబట్టి లోపలి బొమ్మ నాలుగు భుజాలూ 8 లో సగం, అంటే 4 సెంటీమీటర్లు. కర్ణాలు లంబం కాబట్టి ఆ భుజాలూ లంబమే. పుల్లలు ఎక్కడ దాటినా సరే, లోపల మాత్రం 16 చదరపు సెంటీమీటర్ల చతురస్రమే వస్తుంది. స్కేలు పెట్టి గీసి చూడండి.